రోజుకు మూడుసార్లు చార్జింగ్ పెట్టినా ఒక్క సైకిలే: లిథియం బ్యాటరీని ఎక్కువకాలం నిలుపుకొనే పద్ధతి

"రోజుకు మూడుసార్లు చార్జింగ్ పెడితే మూడు సైకిళ్లు అయిపోవా? అంతకంటే పూర్తిగా అయిపోయాక ఒకేసారి పెట్టుకోవడం మంచిది కదా?" ఈ ప్రశ్న నాకు వేర్వేరు రూపాల్లో పదేపదే వస్తోంది. అడిగేవారి తర్కం సహజమైనదే, కానీ అది తప్పుడు లెక్క మీద నిలబడి ఉంది. ఆ లెక్కను సరిచేసుకుంటే, ఎప్పుడు చార్జింగ్ పెట్టాలో, ఎప్పుడు తీసేయాలో ఎవరికి వారే నిర్ణయించుకోగలుగుతారు. ఇందులో ఫోన్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. కొలిచి చూసుకునే సౌకర్యం ల్యాప్‌టాప్‌లో ఎక్కువ కాబట్టి ఆ దశలో మాత్రం దాని దగ్గరకు వెళ్తాను.

## 1. మొదట రెండు మాటలకు అర్థం

సైకిల్: బ్యాటరీ మొత్తం సామర్థ్యానికి సమానమైన చార్జ్ వాడుకుంటే ఒక సైకిల్ పూర్తయినట్టు. అది ఒకేసారి కానక్కరలేదు. ఈరోజు 60 శాతం వాడి, రాత్రి మళ్లీ నింపి, రేపు 40 శాతం వాడితే, రెండు రోజులకు కలిపి అయినది ఒక్క సైకిలే. ప్లగ్ ఎన్నిసార్లు పెట్టారు అన్నది ఈ లెక్కలోకి రానే రాదు. కరెంటు మీటరు స్విచ్ ఎన్నిసార్లు వేశామో లెక్కపెట్టదు, ఎన్ని యూనిట్లు కాలాయో లెక్కపెడుతుంది. ఇదీ అంతే.

ఖాళీ చేసే లోతు: ఒక చార్జింగ్‌కూ మరో చార్జింగ్‌కూ మధ్య బ్యాటరీ ఎంత మేర దిగిందన్నది లోతు. సాంకేతిక పత్రాలలో దీన్ని డెప్త్ ఆఫ్ డిశ్చార్జ్ అంటారు. 100 నుంచి 10కి దిగితే లోతు 90 శాతం. 75 నుంచి 45కి దిగితే 30 శాతం.

సైకిళ్ల సంఖ్య ఎంత పని చేయించుకున్నామో చెబుతుంది. ఆ పని వల్ల బ్యాటరీ ఎంత అరిగిందో చెప్పాలంటే లోతు కూడా తెలియాలి. రెండు ఫోన్లలో సైకిళ్లు సరిగ్గా సమానంగా ఉండి, ఒకటి బాగా అలసిపోయి, మరొకటి ఇంకా గట్టిగా ఉండడానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి.

## 2. లోతుగా దించితే లోపల ఏం జరుగుతుంది

నల్లరేగడి నేల చూసినవారికి ఇది చెప్పడం తేలిక. తడిస్తే ఆ నేల ఉబ్బుతుంది, పూర్తిగా ఎండితే నెర్రెలిస్తుంది. కాస్త తడి ఆరి, మళ్లీ కాస్త తడిసే నేలలో నెర్రెలు అంత పడవు.

బ్యాటరీలో ఒక పక్క గ్రాఫైట్ ఉంటుంది. చార్జ్ అవుతున్నప్పుడు లిథియం అయాన్లు ఆ గ్రాఫైట్ పొరల మధ్యలోకి చొచ్చుకుపోతాయి. పూర్తిగా నిండేసరికి గ్రాఫైట్ పరిమాణం సుమారు 10 శాతం పెరుగుతుంది, ఖాళీ అయితే మళ్లీ ముడుచుకుంటుంది. ఈ ఉబ్బడం, ముడుచుకోవడం ఎంత పెద్దదైతే దాని రేణువుల మీద ఒత్తిడి అంత ఎక్కువ.

అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. గ్రాఫైట్ మీద ఒక పలుచని రక్షణ పొర ఉంటుంది. రేణువు పగిలిన చోట కొత్త ఉపరితలం బయటపడుతుంది, దాని మీద మళ్లీ కొత్త పొర ఏర్పడుతుంది. ఆ పొర కట్టడానికి కొంత లిథియం ఖర్చవుతుంది. అలా ఖర్చయిన లిథియం తిరిగి చార్జ్ మోయడానికి రాదు. "బ్యాటరీ ఆరోగ్యం 86 శాతం" అని తెరమీద కనిపించినప్పుడు, తగ్గిన 14 శాతంలో పెద్ద వాటా సాధారణంగా ఇలా పొరలో చిక్కుకుపోయిన లిథియందే.

పైకొసన జరిగేది వేరు. సాధారణ లిథియం అయాన్ సెల్ 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది, ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఇది ఇంకా కొంచెం ఎక్కువే. ఆ ఎత్తైన వోల్టేజి దగ్గర లోపలి ద్రావణం నిదానంగా చెడిపోతూ ఉంటుంది. అందుకు మీరు ఫోన్ వాడనక్కరలేదు, నిండుగా ఉండి పక్కన పడి ఉన్నా చాలు. వేడి తోడైతే అది ఇంకా త్వరపడుతుంది.

అంటే లోతు తగ్గించడం ఒక్కటే సరిపోదు. ఆ కొద్దిపాటి ఎగుడుదిగుడు మధ్యలో జరగాలి.

## 3. కొద్దికొద్దిగా నింపితే ఎంత లాభం

ఇక్కడ చాలామంది మోసపోయే ఒక అంకె ఉంది. కాబట్టి కాస్త ఆగుదాం.

లిథియం అయాన్ సెళ్లకు విరివిగా చూపించే ఉజ్జాయింపు పట్టికలో, ప్రతిసారీ 100 శాతం ఖాళీ చేస్తే సుమారు 300 సార్లు, 40 శాతం చొప్పున అయితే 1000 సార్లు, 20 శాతం చొప్పున అయితే 2000 సార్లు వస్తాయని ఉంటుంది. 300 ఎక్కడ, 2000 ఎక్కడ! ఏడు రెట్లు లాభం అనిపిస్తుంది.

కానీ ఆ 2000 సార్లు ఒక్కొక్కటీ పూర్తి సైకిల్ కాదు, అయిదో వంతు మాత్రమే. 2000ను 0.2తో గుణిస్తే 400 పూర్తి సైకిళ్లు. 1000ను 0.4తో గుణించినా 400లే. అంటే నిజమైన లాభం 300 నుంచి 400కు, మూడో వంతు. ఇది తక్కువేమీ కాదు, ఏడాదిన్నర నడిచేది రెండేళ్లు నడుస్తుంది. అయితే ఏడు రెట్లు అని చెప్పేవారి మాట మాత్రం నమ్మకండి.

దీనికి పైకొసను తగ్గించడం తోడైతే లాభం పెరుగుతుంది. నిండే వోల్టేజిని 4.2 నుంచి 4.1కి దించితే సైకిళ్లు దాదాపు రెట్టింపు అవుతాయన్నది ఈ రంగంలో వాడే మోటు లెక్క. ఫోన్‌లో మీరు వోల్టేజిని తాకలేరు కానీ, 80 శాతం దగ్గర ఆపడమంటే చేస్తున్నది ఆ పనే.

సెల్ రకాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి. కొత్త ఫోన్లలో మొత్తం మీద మెరుగయ్యాయి కూడా. ఐఫోన్ 14, అంతకు ముందు ఫోన్లు 500 పూర్తి సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకొనేలా తయారుచేశామని యాపిల్ సంస్థ చెబితే, ఐఫోన్ 15 నుంచి అదే మాట 1000 సైకిళ్లకు చెబుతోంది.

## 4. సిద్ధం కావడం: ఇప్పుడు మీ బ్యాటరీ ఎక్కడుంది

అలవాటు మార్చుకునే ముందు ఇప్పటి అంకెలను కాగితం మీద రాసి పెట్టుకోండి. లేకపోతే ఆరు నెలల తర్వాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

- ఐఫోన్ 15, ఆ తర్వాతివి: `Settings > Battery > Battery Health` తెరిస్తే `Maximum Capacity`, `Cycle Count` రెండూ కనిపిస్తాయి.
- ఆండ్రాయిడ్: కొన్ని ఫోన్లలో `Settings > About phone > Battery information` కింద సైకిళ్ల సంఖ్య ఉంటుంది. చాలా ఫోన్లలో ఉండదు. లేకపోతే 5వ దశలో చెప్పిన చేతిలెక్క సరిపోతుంది.
- విండోస్ ల్యాప్‌టాప్: కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది టైప్ చేయండి.

```
powercfg /batteryreport
```

ఫైలు ఎక్కడ చేరిందో ఆ కమాండే చెబుతుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే `DESIGN CAPACITY`, `FULL CHARGE CAPACITY`, `CYCLE COUNT` అనే మూడు వరుసలు కనిపిస్తాయి. రెండో అంకెను మొదటి దానితో భాగించి 100తో గుణిస్తే మిగిలిన ఆరోగ్యం శాతంలో వస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో సైకిళ్ల దగ్గర ఏమీ ఉండదు. అది మీ తప్పు కాదు, ఆ బ్యాటరీ ఆ వివరం చెప్పడం లేదంతే.

నేను ఈ విషయం మీద శ్రద్ధ పెట్టింది ఈ రిపోర్టు చూసిన రోజునే. నా పాత ల్యాప్‌టాప్‌ను రెండున్నరేళ్లు టేబుల్ మీద చార్జర్‌కు తగిలించే ఉంచాను. బ్యాటరీ వాడడమే లేదు కదా, కొత్తదానిలా ఉంటుందనుకున్నాను. ఒకరోజు టచ్‌ప్యాడ్ నొక్కితే దిగలేదు. వేలితో తడిమి చూస్తే మధ్యలో కాస్త ఎత్తుగా తగిలింది. రిపోర్టులో సైకిళ్లు 61. మొదటి సామర్థ్యం 50,000, మిగిలింది 38,500, అంటే 77 శాతం. అదే కాలంలో మా తమ్ముడి ల్యాప్‌టాప్ 240 సైకిళ్లు తిరిగి 88 శాతంలో ఉంది. వాడు 30కి, 80కి మధ్య తిప్పుకుంటూ వాడాడు. నాది నూటికి నూరు శాతంలో, వేడిగా, రెండున్నరేళ్లు కూర్చుంది. సైకిళ్లు తక్కువని సంబరపడకూడదని నాకు తెలిసింది అప్పుడే.

## 5. మూడు రోజులు రాసుకోండి

ప్లగ్ పెట్టిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ సమయం, శాతం రాసుకోండి. మూడు రోజులు చాలు. ఆ మూడింటిలో ఒకటి సెలవు రోజు అయితే మంచిది, ఎందుకంటే ఆరోజు వాడకం వేరుగా ఉంటుంది.

నా ఫోన్ లెక్క ఇది. రోజుకు 90 శాతం వాడుతాను.

పాత పద్ధతి

- రాత్రి 11 గంటలకు 10 శాతం దగ్గర ప్లగ్ పెట్టేవాణ్ని.
- ఒంటిగంటకు 100 అయ్యేది.
- ఉదయం 7 గంటలకు తీసేవాణ్ని.
- లోతు 90 శాతం. రోజుకు 0.9 సైకిల్.

ఇప్పటి పద్ధతి

- ఉదయం 7కు 80 దగ్గర తీస్తాను. మధ్యాహ్నం ఒంటిగంటకు 50కి దిగుతుంది.
- భోజనం చేసేలోపు 78 వరకు నింపుతాను. సాయంత్రం ఆరున్నరకు 45కి వస్తుంది.
- ఇంటికి వచ్చాక 72 వరకు నింపుతాను. రాత్రి 11కు మళ్లీ 45.
- ఉదయం లేచాక 45 నుంచి 80కి.

దిగిన శాతాలు కూడితే 30, 33, 27. మొత్తం 90. నింపినవి కూడితే 28, 27, 35. అదీ 90. రెండు పద్ధతులలోనూ రోజుకు 0.9 సైకిలే, ఏడాదికి సుమారు 328. ఒక్క సైకిల్ కూడా తేడా లేదు. అయితే లోతు 90 నుంచి 33కు తగ్గింది.

రెండో తేడా నేను రాసుకుంటేనే బయటపడింది. పాత పద్ధతిలో ఫోన్ ప్రతి రాత్రీ ఆరు గంటలు 100 శాతంలో కూర్చునేది. ఆరును 365తో గుణిస్తే 2190 గంటలు, అంటే 91 రోజులు. ఏడాదిలో మూడు నెలలు నా ఫోన్ నిండుకుండలా, దిండు పక్కన, పనేమీ లేకుండా అరిగిపోయింది.

## 6. చార్జింగ్ వేళలను మార్చే క్రమం

ఒకేసారి అన్నీ మార్చబోతే రెండు రోజులకే విసుగొస్తుంది. ఈ వరుసలో వెళ్లండి.

మొదట పైకొస. ఫోన్‌లో 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే అది పెట్టేయండి. ఐఫోన్ 15 నుంచి `Settings > Battery` లోపల ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ సెట్టింగులలో `Battery protection` లేదా `Charging optimization` వంటి పేరుతో వెతకండి. ల్యాప్‌టాప్ అయితే తయారీదారు ఇచ్చిన యాప్‌లో చూడండి. ఎప్పుడూ టేబుల్ మీదే ఉండే ల్యాప్‌టాప్‌కు 60 శాతం పరిమితి ఇస్తే ఇంకా మంచిది. ఈ ఒక్క పనే సగం కంటే ఎక్కువ ఫలితం ఇస్తుందని నా అభిప్రాయం, పైగా రోజూ గుర్తుపెట్టుకోవలసిన అవసరం లేదు.

తర్వాత కిందికొస. 30 శాతం దగ్గర ప్లగ్ వెతుక్కోవడం అలవాటు చేసుకోండి. ఒకరోజు ప్రయాణంలో 8కి దిగిందని కంగారుపడవద్దు, బ్యాటరీని అలసగొట్టేది రోజువారీ అలవాటే. 0 అని చూపినప్పుడు కూడా ఫోన్ ప్రమాద స్థాయికి ముందే ఆగిపోతుంది. అలా ఆగిపోయిన ఫోన్‌ను వారాల తరబడి డ్రాయర్‌లో వదిలేయడం మాత్రం చేయకూడదు.

ఆ తర్వాత మధ్యలో నింపే వేళలు. మీరు ఎలాగూ ఒకచోట కూర్చునే ఇరవై, ముప్పై నిమిషాలు చూసుకోండి: భోజనం, స్నానం, కారు ప్రయాణం. అలారం పెట్టుకుని చార్జింగ్ చేసేంత పని కాదిది.

చివరగా వేడి. చార్జ్ అవుతూ ఉండగా గేములు ఆడడం, దిండు కింద పెట్టడం, కారు డాష్‌బోర్డు మీద ఎండలో వదిలేయడం మానుకోండి. ఏడాదిపాటు వాడకుండా దాచిన లిథియం అయాన్ సెల్‌కు ఉజ్జాయింపుగా చెప్పే లెక్క చూడండి. 25 డిగ్రీలలో 40 శాతం చార్జ్‌తో ఉంచితే 96 శాతం సామర్థ్యం మిగులుతుంది, నిండుగా ఉంచితే 80. అదే 40 డిగ్రీలలో అయితే 85, 65. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో గది ఎంత వేడిగా ఉంటుందో తెలిసినవారికి రెండో జత అంకెలను విడమరచి చెప్పనక్కరలేదు.

## 7. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

85 నుంచి 100కు పదేపదే నింపడం. లోతు 15 శాతమే కదా అనుకుంటారు. నిజమే, కానీ ఫోన్ రోజంతా పైకొసనే ఉండిపోతుంది. అదే 15 శాతం 55కు, 70కి మధ్య తిప్పితే మేలు.

శాతం తప్పు చూపడం. నెలల తరబడి మధ్యలోనే తిప్పితే, ఎంత మిగిలిందో ఫోన్ వేసుకునే అంచనా కొంత గాడి తప్పవచ్చు. 22 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి ఆగిపోవడం దీని లక్షణం. రెండు నెలలకోసారి 10 వరకు దించి, ఆపకుండా 100 వరకు నింపండి. ఇది బ్యాటరీకి వైద్యం కాదు, కొలత సరిచేయడం మాత్రమే. ఆ తర్వాత కూడా అలాగే ఆగిపోతుంటే బ్యాటరీయే బలహీనపడింది.

పాత బ్యాటరీల నియమం పాటించడం. "పూర్తిగా ఖాళీ చేశాకే చార్జింగ్ పెట్టాలి" అన్నది నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. వాళ్ల కాలానికి అది సరైనదే, లిథియం బ్యాటరీకి మాత్రం తిరగబడింది.

ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీకి కూడా ఇవే నియమాలు యథాతథంగా పెట్టడం. కొన్ని విద్యుత్ స్కూటర్లు, కార్లు, ఇంటి ఇన్వర్టర్లలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెళ్లు ఉంటాయి. వీటి వోల్టేజి మధ్య భాగమంతా దాదాపు ఒకేలా, 3.2, 3.3 దగ్గర ఉంటుంది కాబట్టి, నిండుగా నింపితే తప్ప లోపలి సర్క్యూట్‌కు సరైన కొలత దొరకదు. అందుకే వీటిని వారానికోసారి 100 వరకు నింపమని కొందరు తయారీదారులే చెబుతారు. లోతు తగ్గించడం వీటికీ మంచిదే, పైకొస భయం మాత్రం తక్కువ. మీ బండిలో ఏ సెల్ ఉందో యజమాని పుస్తకంలో చూసుకుని, అందులోని మాటనే పాటించండి.

స్కూటర్ గురించి ఇంకొక్కటి. 90 కిలోమీటర్లు వచ్చే బండి మీద రోజుకు 30 తిరిగేవారు మూడు రోజులకోసారి కాకుండా రోజూ నింపుకోవడం మేలు. ఎండలో నడిపి వచ్చిన వెంటనే కాకుండా, అరగంట నీడలో చల్లారనిచ్చి ప్లగ్ పెట్టండి. అమెరికాలో చలి ప్రాంతాలలో ఉన్నవారికి దీనికి ఎదురు జాగ్రత్త కావాలి. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లిథియం లోహంగా పేరుకుపోతుంది కాబట్టి బ్యాటరీని లోపలికి తెచ్చి, వెచ్చబడ్డాకే నింపాలి.

## 8. గోడకు అంటించుకోదగిన జాబితా

ఒకసారి చేయవలసినవి

- [ ] ఇప్పటి ఆరోగ్యం, సైకిళ్లు, తేదీ రాసుకున్నాను.
- [ ] మూడు రోజుల చార్జింగ్ లెక్క రాసి, లోతు ఎంతో చూసుకున్నాను.
- [ ] 80 శాతం పరిమితి పెట్టాను.
- [ ] బండిలోనో ఇన్వర్టర్‌లోనో ఎల్‌ఎఫ్‌పీ ఉందేమో చూశాను.

రోజూ

- [ ] 30కి, 80కి మధ్య తిరుగుతోంది.
- [ ] చార్జ్ అవుతున్నప్పుడు ఫోన్ చేతికి వేడిగా తగలడం లేదు.

రెండు నెలలకోసారి

- [ ] 10 నుంచి 100 వరకు ఒకసారి నింపాను.

దాచేటప్పుడు

- [ ] వాడని ఫోన్‌ను 40, 50 శాతం మధ్య ఆఫ్ చేసి చల్లని చోట పెట్టాను. కొన్ని నెలలకోసారి శాతం చూస్తున్నాను.

## 9. ఆరు నెలల తర్వాత ఏం చూడాలి

మొదట రాసుకున్న అంకెల పక్కన కొత్తవి రాయండి. నెలనెలా చూడవద్దు, ఆ శాతం అంచనాయే కాబట్టి ఒకటి రెండు అటూ ఇటూ ఊగుతుంది.

సైకిళ్లు ముందటి వేగంతోనే పెరిగి ఉంటాయి. అది సరైనదే, ఎందుకంటే మీ వాడకం తగ్గలేదు. చూడవలసినది ఆరోగ్య శాతం ఎంత నిదానంగా దిగిందన్నది. సైకిళ్లు పెద్దగా పెరగకుండానే ఆరోగ్యం గబగబా దిగితే, కారణం లోతు కాదు, వేడి లేదా నిండుగా కూర్చోబెట్టడం. 5వ దశకు వెళ్లి మళ్లీ మూడు రోజులు రాసి చూడండి.

ఆరోగ్యం 80 కిందికి వచ్చి, రోజు గడవడం కష్టమైతే బ్యాటరీ మార్పించండి. తెర అంచు లేవడం, వెనక మూత ఉబ్బడం, టచ్‌ప్యాడ్ దిగకపోవడం కనిపిస్తే మాత్రం శాతం ఎంత ఉన్నా వెంటనే చార్జింగ్ ఆపి, ఆఫ్ చేసి, నొక్కకుండా, గుచ్చకుండా సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లండి. ఉబ్బిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వాలి. నా ల్యాప్‌టాప్ బ్యాటరీని బయటికి తీసిన మెకానిక్ దాన్ని ఒక ఇసుక డబ్బాలో పెట్టి, దుకాణం బయట అరుగు మీద ఉంచాడు.